ఐదో పొరుగు ఎక్కడ?

ఐదు స్విచ్‌లు, ఒక బల్బు ఉన్నాయనుకుందాం. స్విచ్‌ల విలువలు వరసగా 16, 8, 4, 2, 1. వేసిన స్విచ్‌ల విలువలన్నీ కూడితే 0 నుంచి 31 దాకా ఏదో ఒక సంఖ్య వస్తుంది. అలా వచ్చింది ప్రధాన సంఖ్య అయినప్పుడే బల్బు వెలగాలి. అంటే 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31 అనే పదకొండు సంఖ్యలకు వెలగాలి, మిగతా ఇరవై ఒక్కదానికీ ఆరిపోయి ఉండాలి. ఈ పని చేసే సర్క్యూట్‌ను వీలైనంత తక్కువ గేట్లతో కట్టడం ఎలా?

స్విచ్‌లకు పెద్దదాని నుంచి చిన్నదాకా A, B, C, D, E అని పేర్లు పెడదాం. స్విచ్ వేసి ఉంటే A అనీ, వేయకపోతే A' అనీ రాస్తారు. 13 అంటే 8, 4, 1 కలిస్తే వచ్చేది కాబట్టి దాని రూపం A'BCD'E. ఈ ఐదు షరతులూ ఒకేసారి నిజమా కాదా అని చూసేది ఒక యాండ్ గేటు. పదకొండు ప్రధాన సంఖ్యలకూ పదకొండు యాండ్ గేట్లు పెట్టి, వాటన్నిటినీ ఒక ఆర్ గేటులో కలిపితే బల్బు సరిగ్గానే వెలుగుతుంది. కానీ ఆ సూత్రంలో మొత్తం 55 అక్షరాలుంటాయి. ఒక్కో అక్షరం గేటులోకి వెళ్లే ఒక్కో తీగ. ఈ 55ను ఎంతవరకు తగ్గించవచ్చో చూడటమే ఇక్కడి పని.

తగ్గించడానికి ఆధారం చాలా చిన్న విషయం. 3 రూపం A'B'C'DE, 19 రూపం AB'C'DE. రెండింటిలోనూ B'C'DE ఉంది. తేడా A ఒక్కదానిలోనే. A వేసినా వేయకపోయినా బల్బు వెలుగుతున్నప్పుడు A సంగతి అడగనక్కరలేదు. ఐదు అక్షరాల పదాలు రెండూ పోయి B'C'DE అనే నాలుగక్షరాల పదం ఒక్కటి మిగులుతుంది. ఇలా ఒకే ఒక్క స్విచ్ తేడా ఉన్న సంఖ్యలను పొరుగు సంఖ్యలు అందాం. పని అంతా పొరుగువాళ్లను పట్టుకోవడంలోనే ఉంది. అయితే అంకెల జాబితాలో వాళ్లు కంటికి కనిపించరు. 3, 19 పక్కపక్కన లేవు. పక్కపక్కనే ఉన్న 3, 4 మాత్రం పొరుగు కావు, వాటి మధ్య ఏకంగా మూడు స్విచ్‌ల తేడా ఉంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మారిస్ కార్నో 1953లో ప్రచురించిన పటం ఈ ఇబ్బందిని తీర్చింది. అంతకు ఏడాది ముందు ఎడ్వర్డ్ వీచ్ ఇలాంటి పటాన్నే ప్రతిపాదించారు. కార్నో దాన్ని మెరుగుపరిచి, అడ్డు వరుసలకూ నిలువు వరుసలకూ 00, 01, 11, 10 అనే క్రమం పెట్టారు. లెక్క ప్రకారం 01 తర్వాత 10 రావాలి. కానీ 01 నుంచి 10కి వెళ్లాలంటే రెండు స్విచ్‌లు మారాలి, 11కి వెళ్లాలంటే ఒక్కటి చాలు. అందుకే ఈ క్రమంలో పక్క గడికి జరిగితే ఒక్క స్విచ్చే మారుతుంది. చివరి 10 నుంచి మొదటి 00కీ ఒక్క మార్పే కాబట్టి పటం కుడి అంచు ఎడమ అంచుతోనూ, కింది అంచు పై అంచుతోనూ కలిసినట్టే. ఇంజనీరింగ్ విద్యార్థులు కే-మ్యాప్ అని పిలిచేది దీన్నే.

నాలుగు చలరాశులు ఉన్నంతవరకు పదహారు గడుల పటం ఒక్కటే సరిపోతుంది. ఒక గడికి పైన, కింద, ఎడమ, కుడి, మొత్తం నాలుగు వైపులు. నాలుగు స్విచ్‌లలో ఒక్కోదాన్ని మారిస్తే వచ్చే పొరుగులూ నాలుగే. లెక్క సరిపోయింది. ఐదో స్విచ్ వచ్చేసరికి గడులు ముప్పై రెండవుతాయి, ఒక్కో గడికి ఐదుగురు పొరుగులుంటారు. చదునైన కాగితం మీద ఐదో వైపు లేదు. అందుకే పటాన్ని రెండు సగాలుగా గీస్తారు. A వేయనప్పటిది ఒక సగం, A వేసినప్పటిది మరో సగం. మన లెక్కకు ఆ రెండు సగాలూ ఇవి. ప్రధాన సంఖ్యల పక్కన చుక్క గుర్తు ఉంది.

```
A=0                       A=1
BC\DE  00  01  11  10     BC\DE  00  01  11  10
00      0   1   3*  2*    00     16  17* 19* 18
01      4   5*  7*  6     01     20  21  23* 22
11     12  13* 15  14     11     28  29* 31* 30
10      8   9  11* 10     10     24  25  27  26
```

కాగితం మీద ఈ సగాలు పక్కపక్కనే ఉన్నా, నిజానికి అవి ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు ఊహించుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో 103 ఫ్లాటుకు సరిగ్గా పైన ఉండేది 203 అయినట్టే, ఎడమ సగంలోని 3కి సరిగ్గా మీద ఉండేది కుడి సగంలోని 19. రెండింటిదీ మొదటి అడ్డు వరుస, మూడో నిలువు వరుస. ఐదో పొరుగు అంటే ఇదే, అవతలి సగంలో అదే స్థానంలో ఉన్న గడి. A విలువ 16 కాబట్టి వాటి సంఖ్యల తేడా ఎప్పుడూ కచ్చితంగా 16 ఉంటుంది. పటం చూసి అనుమానం వస్తే తీసివేత చేస్తే చాలు.

సగాలను పక్కపక్కన గీయడంలో ఒక ప్రమాదం ఉంది. ఎడమ సగం చివరి నిలువు వరుస, కుడి సగం మొదటి నిలువు వరుస దాదాపు ఆనుకుని కనిపిస్తాయి. 2కూ 16కూ మధ్య ఉన్నది కాస్త ఖాళీ మాత్రమే. అలవాటు పడ్డ చేయి ఆ రెండింటినీ కలిపి చుట్టేస్తుంది. కానీ 2 అంటే 00010, 16 అంటే 10000. రెండు స్విచ్‌ల తేడా ఉంది కాబట్టి అవి పొరుగు కావు. కుడి అంచు చుట్టి కలిసేది తన సగంలోని ఎడమ అంచుతోనే తప్ప పక్క సగంతో కాదు.

కొన్ని పుస్తకాల్లో మరో రకం పటం ఉంటుంది. నాలుగు అడ్డు వరుసలు, ఎనిమిది నిలువు వరుసలు కలిపి ఒకే పటంగా గీస్తారు. నిలువు వరుసలకు A, D, E విలువలు 000, 001, 011, 010, 110, 111, 101, 100 అనే క్రమంలో ఉంటాయి. అందులో కుడి సగం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. నడి గీతకు అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న గడులు పొరుగులవుతాయి. అక్కడ నడి గీతను ఆనుకుని ఉండే 2, 18 నిజంగానే పొరుగులు. ఒక పటంలో తప్పయ్యే చూపు రెండో పటంలో ఒప్పవుతుంది. తరగతిలో ఒక పద్ధతి, పుస్తకంలో మరో పద్ధతి చూసిన విద్యార్థులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. కుడి సగం మీద నిలువు వరుసల శీర్షిక 00తో మొదలైతే సగాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి, 10తో మొదలైతే అద్దంలా చూడాలి. గుంపులు కట్టే ముందు ఈ శీర్షికను చదవడానికి ఒక్క క్షణం పట్టదు.

ఇక మన లెక్కకు వద్దాం. రెండు సగాలనూ వేర్వేరు పటాలుగా భావించి, ఒకదాని మొహం మరొకటి చూడకుండా గుంపులు కడితే ఏం జరుగుతుంది? ఎడమ సగంలో 2తో 3, 3తో 11, 5తో 7, 5తో 13 జంటలవుతాయి. కుడి సగంలో 17తో 19, 19తో 23, 29తో 31. ఒకే గడి రెండు గుంపుల్లో ఉండటం తప్పేమీ కాదు. మొత్తం ఏడు జంటలు, ఒక్కోదానికి నాలుగక్షరాలు, అంటే 28 అక్షరాలు. 55తో పోలిస్తే సగానికి దగ్గరగా వచ్చింది, ఫలితమూ తప్పు కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అవతలి సగం వైపు చూడలేదన్న సంగతి ఏ పరీక్షలోనూ బయటపడదు, ఎందుకంటే బల్బు ప్రతి ప్రధాన సంఖ్యకూ వెలుగుతూనే ఉంటుంది. ఎక్కువైన గేటు, ఎక్కువైన తీగలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

ఇప్పుడు సగాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దాం. రెండు సగాల్లోనూ ఒకే స్థానంలో గుర్తు ఉన్నవి మూడే: 3 మీద 19, 7 మీద 23, 13 మీద 29. ఈ మూడు స్థానాలను విడిగా రాసుకుంటే అవి కూడా ఒక చిన్న పదహారు గడుల పటమే అవుతాయి. అందులో 3, 7 ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కింద ఒక జంట, దాని మీద సరిగ్గా అలాంటి జంట, కలిస్తే 3, 7, 19, 23 అనే నాలుగు గడుల గుంపు. వీటిని 00011, 00111, 10011, 10111 అని రాసుకుని చూస్తే A మారుతోంది, C మారుతోంది, మిగతా మూడూ స్థిరంగా ఉన్నాయి. కాబట్టి ఆ నాలుగు గడులకూ కలిపి B'DE అనే మూడక్షరాలు చాలు. 13, 29 విడి జంటగా BCD'E అవుతాయి.

రెండు సగాల మీదుగా గుంపు కట్టేటప్పుడు నియమం ఒక్కటే. రెండు సగాల్లోనూ గుంపు ఆకారం ఒకటే కావాలి, స్థానమూ ఒకటే కావాలి. ఆకారం కలిసి స్థానం కలవకపోతే ఏమవుతుందో చూపించడానికి ఈ లెక్కలోనే మంచి ఉదాహరణ ఉంది. ఎడమ సగంలో 5, 13 నిలువు జంట. కుడి సగంలో 23, 31 కూడా నిలువు జంటే, అడ్డు వరుసలూ అవే. కానీ నిలువు వరుస ఒకటి పక్కకు జరిగింది. చూపు తొందరపడితే ఆ నాలుగింటినీ ఒక గుంపు అనుకోవచ్చు. తీసివేత చేస్తే 23లోంచి 5 పోతే 18, 31లోంచి 13 పోతే 18. రెండుసార్లూ ఒకే తేడా రావడం నమ్మకం కలిగిస్తుంది గానీ, కావలసింది 16.

అయినా ఆ గుంపు కట్టారనుకుందాం. నాలుగింటిలోనూ C, E వేసి ఉన్నాయి కాబట్టి CE అని రాసేస్తారు. రెండక్షరాల పదం, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ రెండక్షరాల పదం ముప్పై రెండులో ఎనిమిది గడులను కప్పుతుంది. C, E వేసి ఉన్న సంఖ్యలు 5, 7, 13, 15, 21, 23, 29, 31. ఇందులో 15, 21 ప్రధాన సంఖ్యలు కావు. సర్క్యూట్ కట్టాక ఆ రెండింటికీ బల్బు వెలుగుతుంది. తప్పును కాగితం మీదే పట్టుకునే మార్గం కూడా ఇదే. రెండు గడుల గుంపు ఒక అక్షరాన్ని పోగొడుతుంది, నాలుగు గడులది రెంటిని, ఎనిమిది గడులది మూడింటిని. నాలుగు గడులు చుట్టి రెండక్షరాలే మిగిలాయంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

సరైన గుంపులన్నీ తెలిశాయి. వీటిలో ఏవి ఉంచుకోవాలి? ముందుగా వేరే దారి లేని గడులను వెతకాలి. 2కు ఉన్న ఐదుగురు పొరుగుల్లో గుర్తు ఉన్నది 3 ఒక్కటే. కాబట్టి 2, 3 జంట తప్పనిసరి. అది A'B'C'D. అలాగే 11కు 3 తప్ప మరో తోడు లేదు. 11 కింది అంచులో ఉంది, 3 పై అంచులో ఉంది, అంచులు చుట్టి కలుస్తాయి కాబట్టి అవి పొరుగులే. ఆ జంట A'C'DE. కుడి సగంలో 17కు 19 ఒక్కటే దిక్కు, ఆ జంట AB'C'E. ఇలాంటి గడికి తోడు లేదని తేల్చే ముందు నాలుగు వైపులే కాక ఐదో వైపూ చూడటం మరిచిపోకూడదు. 2 మీద 18, 11 మీద 27, 17 కింద 1 ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదని చూశాకే ఆ మూడు జంటలూ తప్పనిసరి అనగలం.

ఈ మూడు జంటలతో 2, 3, 11, 17, 19 కప్పబడ్డాయి. మిగిలినవి 5, 7, 13, 23, 29, 31. ఈ ఆరింటిలోనే అసలు అందం ఉంది. 5 నుంచి పక్కనున్న 7కి వెళ్లవచ్చు. 7 నుంచి పై సగంలోని 23కి ఎక్కవచ్చు. అక్కడి నుంచి కిందనున్న 31కి, దాని పక్కనున్న 29కి, 29 నుంచి ఎడమ సగంలోని 13కి దిగవచ్చు. 13 నుంచి మళ్లీ 5కి. ఆరు గడులూ రెండు సగాల మీదుగా ఒక వలయంగా చుట్టుకుని ఉన్నాయి. విడివిడి సగాలుగా చూసినవాళ్లకు ఇక్కడ రెండు తెగిన ముక్కలే కనిపిస్తాయి. ఎడమ పక్క 7, 5, 13, కుడి పక్క 23, 31, 29. ఒక్కో ముక్కలో మూడేసి గడులున్నాయి కాబట్టి ఎలా జత చేసినా ఒకటి మిగిలిపోతుంది. దానికి మరో జంట కావాలి. రెండు వైపులా ఇదే జరగడం వల్లే ఏడు గుంపులు అవసరమయ్యాయి.

వలయంలో ఆరు గడులను మూడు జంటలు చేయడానికి రెండే మార్గాలున్నాయి. మొదటిది 5తో 7, 23తో 31, 29తో 13. రెండోది 7తో 23, 31తో 29, 13తో 5. రెండూ మూడేసి గుంపులే. తేడా తెచ్చేది 7, 23 జంట. అది ఒంటరిది కాదు, 3, 19 జంటను కలుపుకుని నాలుగు గడుల గుంపుగా ఇంతకుముందే పెరిగింది. 3, 19 వేరే గుంపుల్లో కప్పబడి ఉన్నా మళ్లీ వాడుకోవడానికి అడ్డంకి లేదు. అలా వాడితే ఆ పదం నాలుగక్షరాల నుంచి మూడుకు దిగుతుంది. కాబట్టి రెండో మార్గమే చవక. చివరికి వచ్చే సూత్రం ఇది.

```
F = A'B'C'D + A'C'DE + AB'C'E + B'DE + ABCE + A'CD'E
```

ఆరు పదాలు, 23 అక్షరాలు. మొదట 55, సగాలను విడిగా చూస్తే 28, కలిపి చూస్తే 23. ఏడో యాండ్ గేటు కూడా పోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రెండు సగాల మీదుగా మూడు చోట్ల పొరుగుతనం కనిపించినా, చివరి సూత్రంలో 13, 29 జంట లేదు. అడ్డంగా దాటే గుంపు కనిపించగానే తీసుకోవాలన్న తొందర ఉంటే దాన్నీ పెట్టేసి, ఆ తర్వాత 5కు ఒకటి, 31కు ఒకటి విడివిడిగా వెతుక్కోవలసి వచ్చేది. మళ్లీ ఏడు గుంపులు. అందుకే ముందు దాటే గుంపులన్నీ చూసి రాసుకోవడం, ఏది ఉంచాలో తప్పనిసరి గడుల లెక్క తేలాక నిర్ణయించడం మంచిది.

ఆరో చలరాశి వస్తే ఇలాంటి పటాలు నాలుగు గీయాలి. ప్రతి గడికీ రెండు వేరే పటాల్లో పొరుగులుంటారు, మూలగా ఉన్న పటంలో మాత్రం ఉండరు. దాన్ని కంటితో చూసి గుంపులు కట్టడం కష్టం. అంతకు మించితే పటాన్ని వదిలి, అమెరికన్ తత్వవేత్త క్వైన్ 1952లో మొదలుపెట్టగా ఎడ్వర్డ్ మెక్‌క్లస్కీ 1956లో మెరుగుపరిచిన పట్టిక పద్ధతికి వెళ్లాలి. ఐదు చలరాశులు కంటికి అందే చివరి మెట్టు అనుకోవచ్చు.

సూత్రం చిన్నదైనంత మాత్రాన సర్క్యూట్ పని పూర్తయినట్టు కాదు. స్విచ్‌లు 13 దగ్గర ఉన్నాయనుకుందాం, బల్బు వెలుగుతోంది. ఇప్పుడు A వేస్తే 29 అవుతుంది. అదీ ప్రధాన సంఖ్యే కాబట్టి బల్బు ఆరకూడదు. కానీ మన సూత్రంలో 13ను వెలిగించేది A'CD'E, 29ను వెలిగించేది ABCE. A మారగానే మొదటి గేటు ఆగాలి, రెండో గేటు మొదలవ్వాలి. ఏ గేటూ క్షణంలో పనిచేయదు, నానోసెకన్లలో కొలిచే ఆలస్యం ఉంటుంది. మొదటిది ఆగి రెండోది ఇంకా అందుకోని ఆ సందులో అవుట్‌పుట్ ఒక్క వెంట్రుకవాసి సేపు సున్నాకు పడిపోవచ్చు. దీన్ని హజార్డ్ అంటారు. బల్బు విషయంలో కంటికి కనిపించదు. అదే అవుట్‌పుట్ ఒక కౌంటరుకు పోతుంటే మాత్రం అది ఆ పడి లేవడాన్ని ఒక లెక్కగా తీసుకుంటుంది.

ఈ ప్రమాదం ఎక్కడెక్కడ ఉందో కూడా పటమే చెబుతుంది. గుర్తు ఉన్న రెండు పొరుగు గడులు ఏ ఒక్క గుంపులోనూ కలిసి లేకపోతే అక్కడ ప్రమాదం ఉన్నట్టు. మన సూత్రంలో అలాంటివి మూడున్నాయి: 5, 7 మధ్య, 23, 31 మధ్య, 13, 29 మధ్య. ఇవి వలయంలో వదిలేసిన జంటలే. మొదటి రెండూ సగాల లోపలే ఉన్నాయి కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. మూడోది దొరకాలంటే సగాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాల్సిందే. దాని కోసం BCD'E, మిగతా రెంటి కోసం A'B'CE, ACDE చేరిస్తే ఒక్కో స్విచ్ మారినప్పుడు కలిగే ఈ పడిపోవడం పోతుంది. అప్పుడు సూత్రం తొమ్మిది పదాలు, 35 అక్షరాలవుతుంది. క్లాక్ అంచు వచ్చినప్పుడు మాత్రమే అవుట్‌పుట్‌ను చదివే సర్క్యూట్‌లలో, ఆ లోపు విలువ కుదుటపడుతుంది కాబట్టి వీటి అవసరం ఉండదు, ఆరు పదాలే సరిపోతాయి. అవుట్‌పుట్ నేరుగా కౌంటరు క్లాక్‌కు వెళ్లే చోట తొమ్మిదీ ఉంచాలి.